ఇంటి సామాన్ల జాబితా, ఫోటోలు, బిల్లులు: తుఫాను, వరద క్లెయిమ్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సెప్టెంబరు నెలాఖరు వచ్చిందంటే ఇంటి ఇన్సూరెన్సు గురించి ఫోన్లు మొదలవుతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ చూసినవాళ్లకు ఆ టెన్షన్ ఉండటం సహజమే. అడిగేవి ఎప్పుడూ దాదాపు అవే సందేహాలు కాబట్టి ఒకచోట రాసి పెట్టాం. ఇందులో చెప్పిన పాలసీ నిబంధనలు భారత్ గృహ రక్ష పాలసీవి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఒకే రకమైన షరతులతో అమ్ముతున్న ప్రామాణిక ఇంటి పాలసీ ఇదే. మీది వేరే పాలసీ అయితే షరతులు కొంత మారతాయి, డాక్యుమెంట్ తీసి చూసుకోండి.

## పాలసీ తీసుకునేటప్పుడు

ఇంటికి ఇన్సూరెన్సు ఉంది. లోపలి సామాన్లకు కూడా ఉన్నట్టేనా?

కట్టడం, సామాన్లు రెండూ కలిపి తీసుకుంటే ఉన్నట్టే. కట్టడానికి రాసిన బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, సాధారణ సామాన్లకు దానంతట అదే వర్తిస్తుంది. కట్టడానికి 24 లక్షలు రాయించారనుకోండి, సామాన్లకు 4 లక్షల 80 వేలు ఉంటుంది. అంతకంటే ఎక్కువ కావాలంటే సామాన్ల వివరాలు ఇచ్చి, ఆ మేరకు ప్రీమియం కట్టాలి.

బ్యాంకు లోన్‌తో పాటు ఇచ్చిన పాలసీ అయితే ఒకసారి తీసి చూడండి. చాలావాటిలో కట్టడం ఒక్కటే ఉంటుంది. షెడ్యూలు పేజీలో సామాన్ల వరసకు ఎదురుగా అంకె లేకపోతే సామాన్లకు బీమా లేనట్టే.

20 శాతం దానంతట అదే వస్తుందంటున్నారు. మరి జాబితా రాసుకోవడం దేనికి?

పాలసీ ఇచ్చేటప్పుడు ఎవరూ జాబితా అడగరు, నిజమే. నష్టం జరిగాక, దాన్ని అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ అడుగుతారు. ఆయన తేల్చుకోవాల్సినవి మూడు: ఈ వస్తువు ఈ ఇంట్లో నిజంగా ఉందా, అది ఏ రకం, అలాంటిది ఇవాళ కొంటే ఎంతవుతుంది. వాదనలన్నీ ఈ మూడింటి దగ్గరే వస్తాయి. వస్తువు ఉందని ఫోటో చెబుతుంది, రకాన్ని మోడల్ నంబరు చెబుతుంది, ఖరీదును బిల్లు చెబుతుంది. మూడూ చేతిలో పెడితే ఆయన రిపోర్టు రాయడం కూడా తేలికవుతుంది.

నీళ్లు దిగిన మర్నాడు బురదలో నిలబడి, ఇంట్లో ఏమేం ఉండేవో గుర్తు చేసుకుని చెప్పమంటే ఎవరికీ పూర్తిగా గుర్తుండదు. పెద్ద వస్తువులు చెప్పి చిన్నవి వదిలేస్తారు. మిక్సీ, గ్రైండర్, కుక్కర్లు, దుప్పట్లు, పిల్లల పుస్తకాలు, ఇస్త్రీపెట్టె, ఇలా వదిలేసినవన్నీ కలిపితే ఒక్కోసారి ఫ్రిజ్ ఖరీదును దాటిపోతాయి.

మేం అద్దెకుంటున్నాం. మాకు పనికొస్తుందా?

పనికొస్తుంది. కట్టడంతో సంబంధం లేకుండా సామాన్లకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. అప్పుడు 20 శాతం లెక్క ఉండదు, సామాన్ల మొత్తాన్ని మీరే చెప్పాలి. జాబితా రాసి కూడితే ఆ అంకె సరిగ్గా వస్తుంది. ఇంటి ఓనరు ఇచ్చిన మంచాలు, బీరువాలు ఉంటే అవి మీవి కావని జాబితాలోనే రాసి పెట్టుకోండి.

బంగారం, వెండి సామాను కూడా ఇందులోకే వస్తాయా?

సాధారణ సామాన్ల కింద రావు. నగలు, వెండి సామాను, కళాఖండాల వంటివి విలువైన వస్తువుల కిందకు వస్తాయి. వాటికి విడిగా కవర్ అడిగి తీసుకోవాలి, విలువను ముందే ఒప్పుకుని పాలసీలో రాయించాలి. దీనికి వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. అన్నీ కలిపి 5 లక్షల లోపు ఉండి, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకపోతే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. నగదు, చెక్కులు, బాండ్లు మామూలుగా ఏ క్లెయిమ్‌లోనూ రావు.

ఇంట్లో జీడిపిక్కల బస్తాలు ఉంచుతాం. అవి రాయొచ్చా?

ఉద్దానం వైపు నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. అమ్మకానికి నిల్వ చేసిన జీడిపిక్కలు, ధాన్యం వ్యాపార సరుకు కిందకు వస్తాయి కాబట్టి ఇంటి సామాన్ల పాలసీలో కలపకూడదు. ఇంట్లోనే పెట్టినా అంతే. దానికి వ్యాపారాల కోసం ఉన్న పాలసీ వేరే తీసుకోవాలి. ఆ బస్తాలను ఇంటి జాబితాలో చేర్చితే, సర్వేయర్‌కు మిగతా జాబితా మీద కూడా అనుమానం మొదలవుతుంది.

## జాబితా తయారుచేసేటప్పుడు

ఎక్కడ మొదలుపెట్టాలి? ఏమేం రాయాలి?

గది వారీగా వెళ్లండి. వస్తువు రకం వారీగా రాస్తే వంటింట్లో అటక మీదవి ఎప్పుడూ మిగిలిపోతాయి. నోట్‌బుక్కైనా, ఫోన్‌లో ఎక్సెల్ షీటైనా ఫరవాలేదు. ప్రతి వస్తువుకూ ఒక నంబరు ఇచ్చి, ఫోటోకూ బిల్లుకూ అదే నంబరు పేరుగా పెట్టండి. వంటింట్లో మూడో వస్తువు ఫ్రిజ్ అయితే దాని ఫోటో `VAN-03-photo.jpg`, బిల్లు `VAN-03-bill.jpg`. సర్వేయర్ ఏ వస్తువు గురించి అడిగినా అరనిమిషంలో తీసి చూపించవచ్చు. నిజానికి ఈ నంబర్ల పద్ధతి లేకపోతే వందల ఫోటోలు ఉండి కూడా లాభం లేదు.

| నంబరు | గది | వస్తువు | మోడల్, సీరియల్ నంబరు | కొన్న నెల, షాపు | ధర | బిల్లు |
|---|---|---|---|---|---|---|
| VAN-03 | వంటిల్లు | ఫ్రిజ్, రెండు తలుపులు | ప్లేటు ఫోటో ఉంది | అక్టోబరు 2020, శ్రీకాకుళం | 24,000 | ఉంది |
| PAD-01 | పడకగది | టేకు మంచం | లేదు | 2016, వడ్రంగి | 18,000 | రాయించిన రసీదు |

ఫోటోలు ఎలా తీయాలి? గదికొకటి చాలదా?

చాలదు. ముందు గది నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు తీయండి. వస్తువు మీ ఇంట్లోనే ఉందని ఇవి చూపిస్తాయి, అందుకే వెనక కిటికీ, గోడ రంగు, తలుపు కనిపించేలా తీయాలి. తర్వాత బీరువా, అల్మారా, అటక తెరిచి లోపల ఏముందో తీయండి. ఆఖరున ఖరీదైన ప్రతి వస్తువుకూ దాని మోడల్, సీరియల్ నంబరు ఉన్న ప్లేటు దగ్గరగా తీయాలి.

ఆ ప్లేటు ఎక్కడుందో వెతకడంలోనే సగం మంది ఆగిపోతారు. ఫ్రిజ్‌కు మామూలుగా లోపలి పక్కగోడ మీద గానీ వెనక వైపు గానీ ఉంటుంది. వాషింగ్ మెషీన్‌కు వెనక లేదా తలుపు తెరిస్తే అంచు మీద, టీవీకి వెనక, ఏసీకి లోపలి యూనిట్ పక్కన, మిక్సీకి అడుగున ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ అయితే దాని మీది నంబరుతో పాటు వారంటీ కార్డు కూడా తీసి పెట్టండి. మొబైల్ ఫోన్‌కు `*#06#` డయల్ చేస్తే ఐఎంఈఐ నంబరు తెర మీద వస్తుంది.

ఫోటోలు అయ్యాక వీధి తలుపు నుంచి మొదలుపెట్టి, మాట్లాడుతూ, ఆపకుండా ఒక వీడియో తీయండి. ఏ గది ఎక్కడుందో ఫోటోల్లో అర్థం కానిది వీడియోలో తెలుస్తుంది.

పట్టుచీరలు, బట్టలు కూడా ఒక్కొక్కటీ తీయాలా?

రోజూ కట్టుకునేవి అక్కర్లేదు. బీరువా అరలు తెరిచి తీసి, «వాడుక చీరలు, సుమారు 40» అని ఒక వరసలో రాస్తే చాలు. పట్టుచీరలు, పొందూరు ఖాదీ పంచెల వంటి ఖరీదైనవి మాత్రం విడివిడిగా, అంచూ కొంగూ కనిపించేలా మడత విప్పి తీయండి. వరద నీళ్లలో మొదట పాడయ్యేది బీరువా కింది అరే. ఆడవాళ్లు బట్టల విలువ చెప్పడానికి మొహమాటపడి వదిలేస్తుంటారు, అదే పెద్ద నష్టం.

పెళ్లికి వచ్చినవి, అమ్మగారింటి నుంచి తెచ్చినవి. వీటికి బిల్లులు ఎక్కడివి?

బిల్లు లేదని వదిలేయొద్దు. బిల్లు ఒక రుజువు మాత్రమే, అది లేకపోతే ఇంకో రుజువు చూపించవచ్చు. గృహప్రవేశంలోనో పెళ్లిలోనో తీసిన ఫోటోల్లో ఆ వస్తువు కనిపిస్తుందేమో వెతకండి, తేదీతో సహా దొరుకుతుంది. వడ్రంగి చేసిన మంచం, డైనింగ్ టేబుల్ అయితే ఏ కలప, ఏ ఏడాది, ఎంత తీసుకున్నాడో ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. అతను ఊళ్లో ఉండగానే ఈ పని చేసుకోవాలి. తాతల నాటి బుడితి ఇత్తడి బిందెలు, గంగాళాల లాంటివి ఫోటోతో పాటు కాటా మీద పెట్టి బరువు కూడా తీయండి, ఇత్తడి ధర కిలోల లెక్కనే కడతారు.

షాపులో కొన్నవైతే చాలాసార్లు బిల్లు మళ్లీ దొరుకుతుంది. కొన్నప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు చెబితే పెద్ద షాపులవాళ్లు కంప్యూటర్లో చూసి ఇస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నవాటి ఇన్‌వాయిస్ మీ ఆర్డర్ల పేజీలోనే ఉంటుంది. వాయిదాల్లో కొంటే ఫైనాన్స్ కంపెనీ స్టేట్‌మెంట్, ఫోన్‌పే లేదా కార్డుతో కడితే బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా పనికొస్తాయి.

బిల్లులన్నీ కవర్లో దాచాను. తీసి చూస్తే తెల్లకాగితాల్లా ఉన్నాయి. ఏం చేయాలి?

అవి వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితాలు. ఎండ, వేడి, ప్లాస్టిక్ కవరు తగిలితే అక్షరాలు పోతాయి. మన ఉక్కపోతలో ఇంకా తొందరగా పోతాయి. కాబట్టి కొన్న రోజే బిల్లును ఫోటో తీయాలి, జెరాక్స్ కూడా తీయించుకుంటే మరీ మంచిది. పోయినవాటికి షాపులో కాపీ అడగండి. ఇకముందు కొనేటప్పుడు జీఎస్టీ నంబరు, మోడల్, సీరియల్ నంబరు ఉన్న బిల్లే అడిగి తీసుకోండి. చిన్న చీటీ మీద «ఫ్రిజ్ ఒకటి» అని రాసిచ్చే ఎస్టిమేట్‌ను సర్వేయర్ పెద్దగా లెక్కచేయరు.

## దాచిపెట్టేటప్పుడు

జాబితా ఎక్కడ దాస్తే భద్రం?

ఇంట్లో ఒక్కచోట మాత్రం కాదు. ఇల్లు మునిగితే బీరువాలోని ఫైలూ మునుగుతుంది, చేతిలోని ఫోనూ తడుస్తుంది. ఫోటోలు ఈమెయిల్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో వెళ్లాలి. ఇంకో కాపీ ఊరి బయట ఉన్నవాళ్ల దగ్గర, విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండే అబ్బాయి దగ్గరో చెల్లెలి దగ్గరో ఉంచండి. పాలసీ నంబరు, కంపెనీ టోల్‌ఫ్రీ నంబరు కూడా వాళ్లకు ఇవ్వండి. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అలాంటప్పుడు బయట ఉన్నవాళ్లే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నమోదు చేయగలరు.

వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గి సీరియల్ నంబరు మసకబారుతుంది, ఎప్పుడు తీశారన్న వివరం కూడా ఫైల్‌లోంచి పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఎప్పుడెప్పుడు మార్చాలి?

ఖరీదైన వస్తువు కొన్న రోజే ఒక వరస చేర్చండి. ఏడాదికోసారి, వినాయక చవితికి ఇల్లు సర్దే రోజుల్లో, గది ఫోటోలు కొత్తగా తీయండి. తుఫానుల కాలం దాని తర్వాతే మొదలవుతుంది. అమ్మేసినవి కొట్టేయాలి. ఇంట్లో లేని వస్తువు జాబితాలో కనబడితే ఉన్న వస్తువుల మీద కూడా ప్రశ్నలు వస్తాయి.

## నష్టం జరిగాక

నీళ్లు దిగాయి. ముందు కడగాలా, ఫోటోలు తీయాలా?

ముందు మెయిన్ స్విచ్ ఆపండి. తర్వాత ఫోటోలు, ఆ తర్వాతే కడగడం. గోడ మీద నీళ్లు నిలిచిన గీత కనిపించేలా, దాని పక్కన టేపో స్కేలో పెట్టి తీయండి. ఏ వస్తువు మునిగిందో ఏది మునగలేదో ఆ గీతే చెబుతుంది. నీళ్లు మూడడుగులు నిలిస్తే ఫ్రిజ్ కంప్రెసర్ మునిగిందని ఎవరూ కాదనరు. గోడకు ఎత్తున ఉన్న టీవీ పోయిందంటే మాత్రం కారణం చెప్పాల్సి వస్తుంది.

తడిసిన వస్తువును ఆరిందో లేదో తెలియకుండా ప్లగ్ పెట్టి చూడొద్దు. ప్రాణానికి ప్రమాదం, పైగా కాలిపోతే అది వరద నష్టమా, కరెంటు నష్టమా అన్న వాదన వస్తుంది.

పరుపులు కుళ్లి కంపు కొడుతున్నాయి. సర్వేయర్ వచ్చేదాకా ఉంచాలా?

వీలైతే పెరట్లోనో మేడ మీదో ఉంచండి. నిజంగా ఉంచలేకపోతే ఫోటోలు, చిన్న వీడియో తీసి కంపెనీకి గానీ సర్వేయర్‌కు గానీ మెసేజ్ పెట్టి, «పారేస్తున్నాం, అభ్యంతరం ఉంటే చెప్పండి» అని రాతలో అడగండి. పరుపు లేబుల్ కత్తిరించి ఉంచండి, చీర పాడైతే అంచు ముక్క ఉంచండి. చెప్పకుండా మున్సిపాలిటీ ట్రాక్టర్‌కు ఎక్కించేస్తే తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

ఎన్ని రోజుల్లో చెప్పాలి? వాళ్లు ఎన్నాళ్లలో తేల్చాలి?

నష్టం తెలిసిన వెంటనే టోల్‌ఫ్రీకి చెప్పి, క్లెయిమ్ నంబరు రాసుకోండి. క్లెయిమ్ ఫారం 30 రోజుల లోపు ఇవ్వాలి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, కంపెనీ 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించి, 15 రోజుల్లో రిపోర్టు తెప్పించుకుని, రిపోర్టు అందిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదని కూడా అందులో ఉంది. అయితే క్లెయిమ్ తిరస్కరించకపోవడం వేరు, మీరు చెప్పిన ఖరీదు ఒప్పుకోవడం వేరు.

రెవెన్యూవాళ్లు వచ్చి నష్టం రాసుకెళ్లారు. మళ్లీ ఇన్సూరెన్సుకు విడిగా చెప్పాలా?

చెప్పాలి. ఎన్యూమరేషన్ ప్రభుత్వ సాయం కోసం చేసేది, బీమా కంపెనీకి దానితో సంబంధం లేదు. ఆ కాగితం కాపీ దొరికితే మాత్రం మీ ఇల్లు మునిగిందనడానికి సాక్ష్యంగా జతచేయండి.

పాత వస్తువుకు పాత ధరే ఇస్తారా? లెక్క ఎలా కడతారో ఒకసారి చెప్పండి.

భారత్ గృహ రక్షలో, వస్తువును బాగుచేయగలిగితే ఆ ఖర్చు ఇస్తారు. బాగుపడకపోతే అదే రకం వస్తువు ఇవాళ కొనడానికి ఎంతవుతుందో అంత ఇస్తారు. అన్నీ కలిపి సామాన్ల బీమా మొత్తం దాటకూడదు. పాడైన వస్తువును మీరే ఉంచుకుంటే దాని పాతసామాను విలువ తగ్గిస్తారు.

ఒక ఊహించిన లెక్క చూద్దాం. నాగావళి పక్కన కింది అంతస్తు ఇల్లు, నీళ్లు మూడడుగులు, సామాన్ల బీమా 4,80,000.

ఫ్రిజ్ 2020లో 24,000 పెట్టి కొన్నది. కంప్రెసర్ మునిగింది, బాగుచేయడం దండగని సర్వీస్ సెంటర్ రాసిచ్చింది. అదే లీటర్ల ఫ్రిజ్ ఇవాళ 29,500, పాతదాని విలువ 1,500 పోగా 28,000. ఇక్కడ పని చేసింది బిల్లులోని 24,000 కాదు, ప్లేటు మీది మోడల్ నంబరు. అది లేకపోతే «రెండు తలుపుల ఫ్రిజ్» అన్న మాటకు మార్కెట్లో ఉన్నవాటిలో చవకదాని ధర వేసే అవకాశం ఉంది.

వాషింగ్ మెషీన్ బాగవుతుంది, సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ 6,800. పరుపు పూర్తిగా పోయింది, 11,000. టేకు మంచానికి కాళ్లు ఉబ్బాయి, వడ్రంగి మరమ్మతుకూ పాలిష్‌కూ 4,000. ఆరు పట్టుచీరల్లో నాలుగు డ్రైక్లీనింగ్‌తో బాగుపడ్డాయి, 1,600. రెండింటికి రంగు దిగిపోయింది, విడివిడి ఫోటోలూ బిల్లులూ ఉన్నాయి కాబట్టి 9,000, 7,500. మొత్తం 67,900 రూపాయలు.

కరెంటు వచ్చాక ఓల్టేజీ ఎక్కువై టీవీ కాలిపోయింది. ఇస్తారా?

ఆ టీవీకి ఈ పాలసీలో రాదు. షార్ట్ సర్క్యూట్, ఓల్టేజీ ఎక్కువ కావడం వంటివాటితో అదే వస్తువు పాడైతే మినహాయింపు ఉంది, కారణం పిడుగైనా సరే. దాని నుంచి మంటలు లేచి పక్కన సోఫా, కర్టెన్లు కాలితే వాటికి వస్తుంది. ఎలక్ట్రానిక్ వస్తువుల కోసం వేరే కవర్లు ఉన్నాయి. తుఫాను తర్వాత కరెంటు తిరిగి వచ్చే మొదటి రోజు ప్లగ్‌లు తీసి ఉంచడమే తేలిక.

ఇల్లు ఖాళీ చేసి పునరావాస కేంద్రానికి వెళ్తే దొంగతనం జరిగింది. వస్తుందా?

తుఫాను, వరద వంటి బీమా ఉన్న సంఘటన వల్ల, అది జరిగిన 7 రోజుల లోపు జరిగిన దొంగతనానికి వస్తుంది. పోలీసు ఫిర్యాదు కాపీ తప్పనిసరిగా ఉంచుకోండి. మామూలు రోజుల్లో జరిగే దొంగతనానికి ఈ పాలసీ సరిపోదు, విడిగా దొంగతనం కవర్ కావాలి.

ఎలాగూ తగ్గిస్తారు కదా, కొంచెం ఎక్కువ రాస్తే తప్పేంటి?

తప్పే, నష్టం కూడా. ఒక్క అబద్ధం బయటపడినా మొత్తం క్లెయిమ్‌నే తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంటుంది. పక్కింటి ఏసీ మీ జాబితాలో రాస్తే మీ ఫ్రిజ్ కూడా పోతుంది.

సర్వేయర్ బాగా తగ్గించి రాశారు. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు సర్వే రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. ఏ వస్తువు దగ్గర ఎంత తగ్గించారో చూసి, ఆ వస్తువు నంబరు, ఫోటో, బిల్లు, ఇవాళ్టి ధర కొటేషన్ జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ చేయండి. «మొత్తం తక్కువ ఇచ్చారు» అని రాస్తే జవాబు రాదు, «VAN-03కి ఇంత తగ్గించారు, కారణం చెప్పండి» అంటే చెప్పాల్సి వస్తుంది.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందకే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు కేసులు వింటారు. కంపెనీ ఆఖరి జవాబు వచ్చిన ఏడాది లోపు రాయాలి. కంపెనీకి పంపిన ఈమెయిల్, సర్వే రిపోర్టు, మీ జాబితా జతచేస్తే చాలు.